ఒక ఇన్సులిన్ డోసు వెంట రెండు వారాల ఓరియెంటేషన్

కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుకి మొదటి రోజే ఒక ఫైలు ఇస్తారు. అందులో నాలుగైదు పేజీల చెక్‌లిస్ట్ ఉంటుంది. ఫైర్ సేఫ్టీ, చేతుల శుభ్రత, బయోమెడికల్ వేస్ట్, పేషెంట్ ఐడెంటిఫికేషన్, మందుల భద్రత, డాక్యుమెంటేషన్, ప్రాణాపాయంలో అత్యవసర టీమ్‌ని పిలిచే కోడ్ బ్లూ ఇలా వరసగా అంశాలు, ఎదురుగా తేదీ, నేర్పినవారి సంతకం, నేర్చుకున్నవారి సంతకం. విశాఖలో 100 నుంచి 200 పడకల ఆసుపత్రి ఏదైనా తీసుకోండి, ఈ ఫైలు రూపం కాస్త అటూఇటూగా ఇంతే.

ఆ పేజీ చూస్తే ఆ అమ్మాయికి ఏం వచ్చో తెలియదు. ఇదే అసలు చిక్కు. ‘మందుల భద్రత’ ఎదురుగా టిక్కు ఉంది. ఆమె ఆ క్లాసులో కూర్చుందా? సీనియర్ సిస్టర్ మందు ఇస్తుంటే పక్కన నిలబడి చూసిందా? తన చేత్తో ఇచ్చిందా? ఒక్కతే ఇవ్వగలదా? నాలుగింటికీ ఒకే టిక్కు. వారం తిరక్కుండానే వార్డులో మనిషి తక్కువైతే ఆ టిక్కు చూసే ఆమెకి ఎనిమిది మంది పేషెంట్లను అప్పగిస్తారు.

అందుకే కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే నర్సుగా నేను గట్టిగా అడిగే మార్పు ఒకటే. ప్రతి అంశానికీ నాలుగు గడులు పెట్టాలి: విన్నాను, చూశాను, ఒకరు పక్కనుండగా చేశాను, ఒక్కదాన్నే చేయగలను. ఒక్కో గడికి వేరే తేదీ, వేరే సంతకం. ఇరవై అంశాల సంతకాలన్నీ ఒకే తేదీన, ఒకే పెన్నుతో, ఒకే వాలులో కనిపిస్తే ఆ పేజీ ఇన్‌స్పెక్షన్ కోసం ఒకేసారి కూర్చుని నింపిందని అర్థం. అలాంటి ఫైలు తిప్పి పంపాల్సిందే.

రెండో మార్పు, అంశాలను విడివిడిగా కాకుండా ఒక పని చుట్టూ అల్లడం. అందుకు నేను ఎంచుకునే పని మధ్యాహ్న భోజనానికి ముందు చర్మం కింద ఇచ్చే ఇన్సులిన్. మెడికల్, సర్జికల్, ఆర్థో, ఏ వార్డులోనైనా షుగర్ పేషెంట్ ఉంటారు. ప్రతి షిఫ్టులో ఈ పని పడుతుంది. పైగా ఇది హై రిస్క్ మందు. ఆ ఒక్క డోసుని మొదటినుంచి చివరిదాకా వెంబడిస్తే చెక్‌లిస్ట్‌లో సగం పైగా అంశాలు దారిలోనే ఎదురవుతాయి.

మొదటి రెండు రోజులు

కాగితాల పని త్వరగా ముగించాలి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువులో ఉందో లేదో చూడాలి. కేరళ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లయితే ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంగతి తేల్చాలి. ఐడీ కార్డు, సాఫ్ట్‌వేర్ లాగిన్, లాకరు, డ్యూటీ వేళలు. చాలాచోట్ల 8 నుంచి 2, 2 నుంచి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. ఈ వేళలు గుర్తుంచుకోండి, ఇన్సులిన్ దగ్గర మళ్లీ అవసరం పడతాయి.

మొదటి రోజు వదలకూడనిది హెపటైటిస్ బి టీకా. మూడు డోసులు 0, 1, 6 నెలల్లో పడాలి. అన్నీ పూర్తయినవాళ్లకి రక్తపరీక్షలో యాంటీబాడీల స్థాయి, అంటే టైటర్, 10 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ ఉన్నట్టు. “కాలేజీలో వేశారు” అనే మాట చాలదు, కార్డు చూడాలి. కార్డు లేకపోతే టైటర్ చేయించాలి. ఎందుకంటే మూడో రోజు నుంచి ఆ అమ్మాయి చేతిలో సూది ఉంటుంది.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలన్నది కూడా సూది పట్టకముందే నోటికి రావాలి. వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. పారే నీటి కింద సబ్బుతో కడగాలి. వెంటనే ఇన్‌చార్జ్‌కి చెప్పి క్యాజువాలిటీకి వెళ్లాలి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమని డాక్టర్ తేలిస్తే మొదటి డోసు వీలైతే 2 గంటల్లోపు పడాలి. 72 గంటలు దాటాక ప్రయోజనం ఉండదు. కొత్తవాళ్లు తిడతారేమోనన్న టెన్షన్‌తో దాచేస్తారు. అందుకని రాత్రి 3 గంటలకు గుచ్చుకుంటే ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఫోన్‌లో సేవ్ చేయించి, నా ఎదురుగా ఒకసారి డయల్ చేయించాకే ఆ గడిలో సంతకం పెడతాను.

వయల్, సిరంజి

మూడో రోజు ఇన్సులిన్ మొదలు. మన ఆసుపత్రుల్లో వేరే స్కిల్ ల్యాబ్ ఉండడం అరుదు. డ్యూటీ రూములో ఒక బల్ల, సెలైన్ నింపిన పాత వయళ్లు, రెండు రకాల సిరంజిలు చాలు. ఆ వయళ్ల మీద ‘ట్రైనింగ్’ అని పెద్దగా రాసి, పనయ్యాక లెక్కపెట్టి తీసుకెళ్లాలి. అవి వార్డు ఫ్రిజ్‌లోకి చేరకూడదు.

మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది. వయల్‌లో వచ్చేది ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది. పెన్ కార్ట్‌రిడ్జ్‌లు, కొన్ని రకాల వయళ్లు మి.లీ.కి 100 యూనిట్లవి. సిరంజిలూ అలాగే రెండు. 40 బలానికి ఎర్ర మూత సిరంజి, 1 మి.లీ.లో 40 గీతలు. 100 బలానికి నారింజ మూత సిరంజి, 1 మి.లీ.లో 100 యూనిట్ల దాకా గీతలు. వయల్ లేబుల్ మీద బలం చదివి, దానికి సరిపోయే సిరంజి తీస్తే ఏ లెక్కా అక్కర్లేదు. డాక్టర్ 10 రాస్తే 10 గీత దాకా లాగడమే.

సిరంజి మారితే ఏమవుతుందో మాత్రం కొత్త నర్సు తనే కాగితం మీద లెక్కకట్టాలి. 10 యూనిట్ల ఆర్డర్. చేతిలో 40 బలం వయల్, సిరంజి మాత్రం నారింజ మూతది. 10 గీత దాకా లాగితే వచ్చేది 0.1 మి.లీ. దాన్ని 40తో గుణిస్తే 4 యూనిట్లు. పేషెంట్‌కి సగం కూడా అందలేదు. ఇప్పుడు తిరగేద్దాం. 100 బలం వయల్, ఎర్ర మూత సిరంజి. 10 గీత అంటే 0.25 మి.లీ. దాన్ని 100తో గుణిస్తే 25 యూనిట్లు. రెండున్నర రెట్లు.

రెండోది ప్రమాదమని అందరికీ వెంటనే అర్థమవుతుంది. మొదటిదాన్ని “తక్కువే కదా వెళ్లింది” అని తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది మొదటిదాని దగ్గరే. 4 యూనిట్లతో షుగర్ దిగదు. చార్ట్‌లో మాత్రం 10 ఇచ్చినట్టు ఉంటుంది. రౌండ్స్‌లో డాక్టర్ ఆ చార్ట్ చూసి 10 సరిపోవడం లేదని 14కి పెంచుతారు. మర్నాడూ అదే సిరంజి, అదే వరస, డోసు 20కి చేరుతుంది. ఆ సాయంత్రం ఎర్ర మూత సిరంజిల స్టాకు వస్తుంది. తర్వాతి షిఫ్టు నర్సు అన్నీ సరిగ్గా చేసి నిజంగానే 20 యూనిట్లు ఇస్తుంది. అప్పటిదాకా ఒంట్లోకి వెళ్తున్నది 8. ఆ రాత్రి షుగర్ పడిపోతే నింద సరిగ్గా చేసిన నర్సు మీదకే వస్తుంది. డోసు పెంచుతున్నా షుగర్ కదలడం లేదంటే, ఇంకా పెంచేముందు వయల్‌నీ సిరంజినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నది కొత్త నర్సు ఈ లెక్కతోనే నేర్చుకుంటుంది.

ఇన్సులిన్ సిరంజి అయిపోతే 2 మి.లీ. సిరంజితో లాగడం, పెన్ కార్ట్‌రిడ్జ్‌లోంచి సిరంజితో తీయడం రెండూ చేయకూడదు. 2 మి.లీ. సిరంజిలో 0.25 మి.లీ. కచ్చితంగా కొలవలేం. కార్ట్‌రిడ్జ్‌లో ఉన్నది 100 బలం, వార్డులో ఉన్న సిరంజి సాధారణంగా 40ది. సిరంజి లేకపోతే స్టోర్‌కి ఫోన్ చేసి, డోసు ఆలస్యమవుతోందని డాక్టర్‌కి చెప్పడమే సరైన పని.

ఇక డబుల్ చెక్. చాలా వార్డుల్లో ఇది “అక్కా, పది యూనిట్లు, ఓకేనా?” “ఆఁ, ఓకే” అనే రెండు ముక్కలతో అయిపోతుంది. సమాధానం ముందే చెప్పేశాక రెండో మనిషి కన్ను ఆ సమాధానాన్నే చూస్తుంది. సరైన పద్ధతిలో కొత్త నర్సు నోరు విప్పకుండా డ్రగ్ చార్ట్, వయల్, నింపిన సిరంజి మూడూ రెండో సిస్టర్ ముందు పెడుతుంది. ఆమె తనంతట తాను చార్ట్ చదివి, వయల్ బలం చూసి, గీత చూసి “రెగ్యులర్, నలభై, పది” అని పైకి అంటుంది. రెండు లెక్కలూ కలిస్తేనే మంచం దగ్గరికి వెళ్లాలి. దీనికి నిమిషం కూడా పట్టదు. శిక్షణలో ఒక్కోసారి నేను కావాలనే నారింజ సిరంజితో సెలైన్ నింపి కొత్త అమ్మాయికి చెక్ చేయమని ఇస్తాను. సీనియర్ ఇచ్చింది కాబట్టి తప్పు ఉండదనుకుని తలూపిందా, వయల్ తిప్పి చదివిందా అన్నది అక్కడ తేలిపోతుంది. తలూపితే ఆ గడి ఖాళీగానే ఉంటుంది, రేపు మళ్లీ.

చార్ట్ రాతలోనూ ఒక ప్రమాదం ఉంది. యూనిట్లకి బదులు ఇంగ్లిష్ అక్షరం యు ఒక్కటే రాస్తే, చేతిరాతలో అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది. అలాంటి ఆర్డర్ కనిపిస్తే ఊహించి ఇవ్వకూడదు, రాసినవాళ్లతోనే తిరిగి రాయించాలి. ఫోన్ ఆర్డర్ అయితే ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. “వన్ ఫైవ్ యూనిట్లేనా సార్?” అని అంకెలు విడదీసి తిరిగి చెప్పి, అవునన్నాకే రాసుకోవాలి.

మంచం దగ్గర

ఉత్తరాంధ్రలో సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు తక్కువ. ఒకే వార్డులో ఇద్దరు అప్పలనరసమ్మలు, ముగ్గురు అప్పలరాజులు ఉండడం ఇక్కడ మామూలు విషయం. ఇంటిపేరు కూడా ఒక్కోసారి కలుస్తుంది. అందుకే పేషెంట్ ఐడెంటిఫికేషన్ గురించి బయటి పుస్తకాల్లో ఉన్న ఉదాహరణలు ఇక్కడ చాలవు.

“అప్పలనరసమ్మ గారేనా?” అని అడిగితే సగం నిద్రలో ఉన్న పెద్దావిడ “ఊఁ” అంటుంది. చెవి సరిగ్గా వినపడని ఆవిడా “ఊఁ” అంటుంది. “అమ్మా, మీ పూర్తి పేరు చెప్పండి” అని ఆమె చేతే చెప్పించాలి. చేతి బ్యాండ్ మీద ఆసుపత్రి ఒక్కో పేషెంట్‌కి ఇచ్చే యూహెచ్ఐడీ నంబరు, డ్రగ్ చార్ట్ మీద నంబరు పక్కపక్కన పెట్టి కలపాలి. మంచం నంబరు ఎప్పుడూ గుర్తింపు కాదు. ఫ్యాను గాలి రాలేదని మధ్యాహ్నం మంచం మార్పించుకునే పేషెంట్లు ఉంటారు. కోరాపుట్ వైపు నుంచి వచ్చిన ఒడియా పేషెంట్, పాడేరు కొండల నుంచి వచ్చిన గిరిజన పేషెంట్ మన ప్రశ్న అర్థంకాక తలూపవచ్చు. అక్కడ బ్యాండ్ నంబరే దిక్కు. పక్కనున్న అటెండెంట్‌తో కూడా పేరు చెప్పించుకోవాలి.

వేలిచివర షుగర్ చూసే జీఆర్‌బీఎస్‌లో మూడు సంగతులు చూపించాలి. పండో స్వీటో పట్టుకున్న వేలిని కడక్కుండా గుచ్చితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. స్పిరిట్ ఆరకముందు గుచ్చకూడదు. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ ద్రవం, వెళ్తున్న చేతినుంచి రక్తం తీస్తే ఆ అంకె పేషెంట్‌ది కాదు, బాటిల్‌ది కలిసిన అంకె. 400 చూసి ఇన్సులిన్‌కి పరిగెత్తేముందు రెండో చేతికి ఒకసారి చూడాలి.

రెగ్యులర్ ఇన్సులిన్ నీళ్లలా తేటగా ఉంటుంది. తేటగా ఉండాల్సినది మబ్బుగా కనిపిస్తే వాడకూడదు. 30/70 లాంటి మిక్స్‌డ్ ఇన్సులిన్ సహజంగానే మబ్బుగా ఉంటుంది, దాన్ని ఊపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. పొట్ట మీద బొడ్డుకి రెండంగుళాలు వదిలి, నిన్నటి చోటికి వేలెడు దూరంలో ఇచ్చి, పది లెక్కపెట్టి సూది తీయాలి. ఇక్కడిదాకా ప్రతి నర్సింగ్ స్కూల్లోనూ నేర్పుతారు, రెండుసార్లు చూస్తే చాలు.

సూది తీశాక డబ్బాల సంగతి. బయోమెడికల్ వేస్ట్ రూల్స్ 2016 ప్రకారం నాలుగు రంగులని గోడ మీద పోస్టర్ ఉంటుంది. దాన్ని బట్టీ పట్టించడం కంటే ఈ ఒక్క ఇంజెక్షన్ చెత్తతో చూపించడం నయం. ఇన్సులిన్ సిరంజికి సూది అతికే ఉంటుంది, విడిగా రాదు. కాబట్టి మూత తిరిగి పెట్టకుండా మొత్తం సిరంజి సూది గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. రక్తం అంటిన దూది పసుపులోకి. గ్లవ్స్ ఎరుపులోకి. ఖాళీ గాజు వయల్ నీలంలోకి. సిరంజి చుట్టిన కవరు మామూలు చెత్తలోకి. ఐదు వస్తువులు, ఐదు చోట్లు. మూడు రోజులు ఇలా చేసిన అమ్మాయికి పోస్టర్‌తో పనిలేదు. ఆ తెల్ల డబ్బా మూడొంతులు నిండగానే మార్చమని చెప్పడం కూడా ఆమె పనే. నిండిన డబ్బాలోకి నెట్టేటప్పుడు సూదులు గుచ్చుకుంటాయి.

ఎనిమిదో రోజు ఇచ్చే కేసు

ఈ సమయానికి కొత్త నర్సు ప్రిసెప్టర్, అంటే తనకి నేర్పే సీనియర్ నర్సు, పక్కనుండగా రోజూ డోసులు ఇస్తూ ఉంటుంది. చెయ్యి కుదిరింది. డోసు ఇచ్చిన తర్వాత ఏం జరుగుతుందన్నది మాత్రం ఆమెకి ఇంకా కనబడదు. అందుకోసం శిక్షణకని అల్లిన కేసు ఒకటి ఇస్తాను. గడియారం వేళలతో సహా చదివించి, గొలుసు ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపించమంటాను.

అప్పలనరసమ్మ గారికి 62 ఏళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. కడుపునొప్పితో మెడికల్ వార్డులో ఉన్నారు. మధ్యాహ్నం 12.30కి జీఆర్‌బీఎస్ 172. ఆర్డర్ ప్రకారం రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 12.35కి ఇచ్చారు. వయల్, సిరంజి, పేరు, డబుల్ చెక్ అన్నీ సరిగ్గా జరిగాయి. 12.50కి వార్డ్ బాయ్ వీల్‌చెయిర్‌తో వచ్చి పొట్ట స్కానింగ్‌కి తీసుకెళ్లాడు. స్కానింగ్‌కి ఖాళీ కడుపు కావాలి కాబట్టి భోజనం ట్రే మంచం పక్కన మూతపెట్టి ఉంది. అక్కడ క్యూ. 2 గంటలకి షిఫ్టు మారింది. హ్యాండోవర్‌లో ఉదయం సిస్టర్ “పన్నెండో బెడ్, షుగర్ 172, ఇన్సులిన్ ఇచ్చాను, స్కానింగ్‌కి వెళ్లారు” అని చెప్పింది. 2.30కి స్కానింగ్ దగ్గర కూర్చున్న పెద్దావిడ “ఏటో గాబరాగా ఉంది” అంది. కూతురు ఉక్కపోత అనుకుని విసనకర్రతో విసిరింది. 2.40కి నుదురంతా చెమట, మాట తడబాటు.

రెగ్యులర్ ఇన్సులిన్ అరగంటకి పని మొదలుపెడుతుంది. రెండు నుంచి నాలుగు గంటల మధ్య దాని బలం గరిష్ఠంగా ఉంటుంది. ఆరేడు గంటలు ఉంటుంది. 12.35కి ఇచ్చిన డోసు 2.35 నుంచి 4.35 దాకా గట్టిగా లాగుతుంది. ఇచ్చింది ఉదయం షిఫ్టు, దాని ప్రభావం చూడాల్సింది మధ్యాహ్నం షిఫ్టు. రాత్రి భోజనం డోసు కూడా ఇంతే. 7.30కి ఒకరు ఇస్తారు, 8కి డ్యూటీ మారుతుంది, 9.30 తర్వాత నైట్ సిస్టర్ చేతిలో పడుతుంది. మన డ్యూటీ వేళలు, మన భోజనం వేళలు కలిసి ప్రతిరోజూ ఈ ఖాళీని తయారు చేస్తున్నాయి. అందుకే హ్యాండోవర్‌లో ‘ఇన్సులిన్ ఇచ్చాను’ అన్నది సగం మాట. ఎప్పుడిచ్చారు, ఎంత ఇచ్చారు, తిన్నారా లేదా, తర్వాతి షుగర్ ఎన్నింటికి చూడాలి, ఈ నాలుగూ కలిస్తేనే పూర్తి మాట. తినలేదన్న ఒక్క ముక్క 2 గంటలకి చెప్పి ఉంటే 2.05కే ఎవరో ఒకరు స్కానింగ్‌కి ఫోన్ చేసేవారు.

గొలుసు అంతకు ముందే తెగింది. కొత్తవాళ్లలో చాలామంది హ్యాండోవర్‌నే పట్టుకుంటారు. మంచి నర్సు 12.35 దగ్గరే వేలు పెడుతుంది. సూది గుచ్చేముందు రెండు ప్రశ్నలు అడగాలి: భోజనం వచ్చిందా? ఈ గంటలో ఈమెని ఎక్కడికైనా తీసుకెళ్తారా? కేస్ షీట్‌లో ఉదయం రౌండ్స్‌లోనే స్కానింగ్ అని రాసి ఉంది. ఖాళీ కడుపుతో ఉండాల్సిన పేషెంట్‌కి ఆ డోసు ఇవ్వాలా, ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టర్ తేల్చాలి. నర్సు పని ఆ ప్రశ్న సమయానికి అడగడం. తానుగా ఆపేసి చెప్పకుండా ఊరుకోవడం కూడా తప్పే.

12.50 దగ్గర ఇంకో అవకాశం ఉంది. వీల్‌చెయిర్ వచ్చినప్పుడు “ఇన్సులిన్ పడింది, తినకుండా పంపను” అని చెప్పే హక్కు నర్సుకి ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి వార్డ్ బాయ్‌తో, స్కానింగ్ టెక్నీషియన్‌తో ఆ మాట అనడానికి జంకుతుంది. అందుకని మేము ఆ మాటని పైకి అనిపించి ప్రాక్టీస్ చేయిస్తాం. ప్రిసెప్టర్ స్కానింగ్‌వాళ్ల తరఫున వాదిస్తుంది, కొత్త నర్సు వెనక్కి తగ్గకుండా కారణం చెప్పి, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

ఇక 2.40కి ఏం చేయాలి? పేషెంట్‌ని వార్డుకి తోసుకురావడం కాదు, గ్లూకోమీటర్‌ని అక్కడికే తీసుకెళ్లడం. రీడింగ్ 56 అనుకుందాం. 70 కంటే తక్కువైతే హైపోగ్లైసీమియా. 54 కంటే తగ్గితే మరీ ప్రమాదం. మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే దాదాపు మూడు టీ స్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాలి. స్కానింగ్ రేపైనా చేయొచ్చు. 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. దాటాక భోజనం పెట్టాలి, ఎందుకంటే ఇన్సులిన్ ఇంకా మూడు నాలుగు గంటలు లాగుతూనే ఉంటుంది, తాగిన గ్లూకోజ్ అంతసేపు నిలవదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. షుగర్ 96కి వచ్చింది కదా అని వెళ్లిపోతే నాలుగింటికి మళ్లీ పడుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. కోడ్ పిలిచి, సిరలోకి 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాలి. 100 మి.లీ.లో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. ఎంత, ఎలా అన్నది వార్డులో అంటించిన ప్రోటోకాల్ ప్రకారం. ఆ డెక్స్‌ట్రోజ్ అత్యవసర మందుల బండి అయిన క్రాష్ కార్ట్‌లో ఏ అరలో ఉందో కొత్త నర్సు చూడకుండా చెప్పగలగాలి.

విశాఖలో చెమట పట్టడం వింత కాదు. మే నెలలో ఏసీ లేని వార్డులో అందరికీ పడుతుంది. అందుకే ఇన్సులిన్ మీదున్న పేషెంట్ గాబరాగా ఉందన్నా, నీరసమన్నా, ఒళ్లు తేలిపోతోందన్నా, ఊరికే విసుక్కుంటున్నా ముందు వేలు గుచ్చి చూడడమే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లలో గుండెదడ, వణుకు బయటపడకపోవచ్చు, చెమట ఒక్కటే మిగలొచ్చు. అనుమానంతో చూసిన జీఆర్‌బీఎస్‌కి ఖర్చయ్యేది ఒక్క స్ట్రిప్.

రాత్రి డ్యూటీ, ఫ్రిజ్

రెండో వారంలో కనీసం ఒక నైట్ ప్రిసెప్టర్‌తో కలిసి చేయించాలి. దీన్ని చాలాచోట్ల దాటేస్తారు. పగలంతా ఓరియెంటేషన్ చేయించి, పదిహేనో రోజు ఏకంగా ఒంటరి నైట్ వేస్తారు. తెల్లవారుజామున 3 గంటలకు షుగర్ పడిన పేషెంట్, హాయిగా నిద్రపోతున్న పేషెంట్ దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. దుప్పటి తీసి మెడ దగ్గర చెయ్యి పెడితే తడి తగులుతుంది, దిండు తడిసి ఉంటుంది. లేపితే పొంతన లేని మాట వస్తుంది. ఈ తేడా మధ్యాహ్నం క్లాసులో చెప్పలేం, ఆ వేళకి పక్కన నిలబడే చూపించాలి.

ఫ్రిజ్ డ్యూటీ కూడా రాత్రే నేర్పడం మంచిది. తెరవని వయళ్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ గోడకి ఆనించి పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. తెరిచిన వయల్ మీద తెరిచిన తేదీ రాయాలి, సాధారణంగా 28 రోజుల తర్వాత పారేయాలి. తేదీ లేని తెరిచిన వయల్ కనిపిస్తే దాని వయసు ఎవరికీ తెలియదు కాబట్టి వాడకూడదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు చదువుకుంటున్న పిల్లలే ఇప్పుడు నర్సులుగా చేరుతున్నారు. ఫ్రిజ్ ప్లగ్ జనరేటర్ లైనులో ఉందా, ఉష్ణోగ్రత రిజిస్టర్ రోజుకి రెండుసార్లు నిండుతోందా, హద్దు దాటితే ఫార్మసీలో ఎవరికి చెప్పాలి, ఇవి కాగితం మీద చదివించేవి కావు, వెళ్లి ప్లగ్ చూపించేవి.

ఏది ఖాళీగా ఉంచాలి

రెండు వారాలంటే వీక్లీ ఆఫ్‌లు పోగా 12 డ్యూటీలు. ఆ 12 డ్యూటీల్లో కొత్త నర్సుని రోస్టర్ లెక్కలో వేయకూడదన్నది నియమం కావాలి. మధ్య స్థాయి ఆసుపత్రిలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. నాలుగో రోజే ఎవరో సెలవు పెడతారు, ఇన్‌చార్జ్ చూపు కొత్త అమ్మాయి మీదే పడుతుంది. తప్పనిసరైతే వైటల్స్, అడ్మిషన్ పనులు, డిశ్చార్జ్ కాగితాలు ఇవ్వండి. మందుల రౌండ్ మాత్రం ఒంటరిగా ఇవ్వొద్దు. ఈ ఒక్క గీత దగ్గర నర్సింగ్ సూపరింటెండెంట్ రాజీ పడకూడదు.

ఇంత చేసినా పద్నాలుగో రోజుకి చర్మం కింద ఇన్సులిన్ ఒక్కటే నాలుగో గడి దాకా చేరుతుంది. సిరలోకి నెమ్మదిగా ఎక్కించే ఇన్సులిన్ ఇన్‌ఫ్యూజన్ చేరదు. అందులో 50 యూనిట్లని 50 మి.లీ. చేయాలంటే 40 బలం వయల్ నుంచి 1.25 మి.లీ. తీయాలని లెక్కకట్టడం వస్తుంది, కానీ గంటగంటకీ షుగర్ చూస్తూ రేటు మార్చే పేషెంట్ ఆ రెండు వారాల్లో దొరక్కపోవచ్చు. పొటాషియం క్లోరైడ్ డ్రిప్, రక్తం ఎక్కించడం కూడా అంతే. ఆ గడులు ఖాళీగా ఉంచి, పక్కన మూడు సంగతులు రాయాలి: ఏ తేదీలోపు, ఎవరి పర్యవేక్షణలో, అప్పటిదాకా ఈ పని ఎవరు చేస్తారు. ఖాళీ గడి చూసి కొత్తవాళ్లు ఫెయిలయ్యామని బాధపడతారు. దాని అర్థం ‘ఈమెకి ఇంకా ఒంటరిగా ఇవ్వకండి’ అని వార్డుకి చెప్పడమేనని ముందే వివరించాలి.

చివరి రోజు రాత పరీక్ష పెట్టను. లంచ్ రౌండ్‌లో ఇన్సులిన్ ఉన్న ముగ్గురు పేషెంట్లని ఆమెకి ఇచ్చి, మాట్లాడకుండా వెనక నడుస్తాను. భోజనం గురించి అడిగిందా, పేరు చెప్పించిందా, వయల్ తిప్పి చదివిందా, రెండో సిస్టర్‌కి సమాధానం చెప్పకుండా చూపించిందా, తెల్ల డబ్బా చేతికందే దూరంలో పెట్టుకుందా, 2 గంటల హ్యాండోవర్‌లో నాలుగు ముక్కలూ చెప్పిందా. ముగ్గురి దగ్గరా అన్నీ జరిగితే నాలుగో గడిలో సంతకం. ఒకటి తప్పినా దేనికి ఆపానో రాసి, మరుసటి డ్యూటీకి మళ్లీ వెళ్తాను. ఫైలు ఒక కాపీ హెచ్‌ఆర్‌కి, ఒక కాపీ వార్డ్ ఇన్‌చార్జ్ టేబుల్ మీదకి, ఒకటి ఆ నర్సు చేతికి ఇస్తాం. ఇన్‌చార్జ్ రేపు ఆమెకి పేషెంట్లని పంచేటప్పుడు చూడాల్సింది ఆ కాపీనే.